రాట్నం ముందు కూర్చున్న మనిషి, పోర్ట్‌ఫోలియోలో ఆరు పేజీలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి విదేశాల్లో డిజైన్ మాస్టర్స్‌కు దరఖాస్తు చేసుకుంటున్న విద్యార్థులకు, వారికి దారి చూపుతున్న అధ్యాపకులకు బహిరంగ లేఖ

పోర్ట్‌ఫోలియో డెక్ అంటే విద్యార్థి ఇంతవరకు చేసిన పనుల్లోంచి నాలుగైదింటిని ఏరి, ఒక వరుసలో పెట్టి, సాధారణంగా ఒకే పీడీఎఫ్‌గా పంపే పేజీల కట్ట. దరఖాస్తుతో పాటు మార్కుల జాబితా, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు, సిఫార్సు లేఖలు, ఎందుకు చదవాలనుకుంటున్నదీ చెప్పే వ్యాసం కూడా అడుగుతారు. అవన్నీ ఉన్నా డిజైన్ విభాగాల్లో డెక్‌కు ఉండే బరువు వేరు. దాన్ని చూసేది ఎక్కువగా ఆ కోర్సు చెప్పే అధ్యాపకులే. వారి ముందు అలాంటి ఫైళ్లు బోలెడు ఉంటాయి, ఒక్కోదానికి దొరికేది కొద్ది నిమిషాలు. పక్కన కూర్చుని వివరించే వీలు విద్యార్థికి ఉండదు కాబట్టి, చెప్పదలచుకున్నది పేజీయే చెప్పాలి.

ఆ కొద్ది నిమిషాల్లో వారు వెతికేది విద్యార్థి తీసుకున్న నిర్ణయాలను. ఏ ఇబ్బందిని చూశారు, దాన్ని ఎలా కొలిచారు, ఏ దారి పట్టారు, ఏ దారి వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్నవి పేజీ తిప్పుతుండగానే కనబడాలి. చివరి వస్తువు ఎంత అందంగా ఉన్నా, అక్కడికి ఎలా చేరారో తెలియకపోతే ఆ పని ఎవరి తెలివో చూసేవారికి అర్థం కాదు.

ఉత్తరాంధ్ర నుంచి వెళ్లే డెక్‌లకు ఇక్కడే ఒక చిక్కు వస్తోంది. ఎన్‌ఐడీ, నిఫ్ట్ వంటి సంస్థల్లో చేతివృత్తుల డాక్యుమెంటేషన్ చదువులో భాగం. ఇంటికి దగ్గరగా ఉంటుందని, భాష తెలుసునని ఇక్కడి విద్యార్థులు సహజంగానే పొందూరు ఖాదీనో, బొబ్బిలి వీణనో, బుడితి ఇత్తడి పనినో, సీతంపేట సవరల బొమ్మలనో ఎంచుకుంటారు. ఎంపికలో తప్పేమీ లేదు. ఇంత దగ్గరి నుంచి చూసిన పని ఇంకెక్కడా దొరకదు. కానీ ఆ డాక్యుమెంటేషన్‌ను ఉన్నదున్నట్టు డెక్‌లోకి ఎక్కించినప్పుడు అది ఊరి గురించిన పరిచయ పుస్తకం అవుతుంది. వృత్తి చరిత్ర, పనివారి ముఖాల ఫొటోలు, పని దశల పటం, చివర అదే గుడ్డతో కుట్టిన సంచి ఒకటి. అందులో పనివారి నైపుణ్యం కనబడుతుంది, విద్యార్థి మాత్రం కనబడరు.

పొందూరునే తీసుకుని ఈ చిక్కును విప్పడం మేలు. అక్కడ సన్న ఖాదీకి పత్తిని శుభ్రం చేయడం మొదలు గుడ్డ నేయడం దాకా పనంతా చేతి మీదే సాగుతుంది. గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకుండే చిన్న చిన్న పళ్లు చెత్తను పట్టుకుని పోగులను ఒక వైపుకు సర్దుతాయి. గింజ తీసిన దూదిని ఏకి, ఏకులుగా చుట్టి, దుమ్ము పడకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుంటారు. ఆ ఏకులను ఒంటి కదురు రాట్నం మీద వడికితే వంద నంబరు నూలు వస్తుంది. వడికేవారిలో ఎక్కువమంది ఆడవారు, అందులోనూ పెద్ద వయసువారు. ఇదంతా డెక్‌లో ఎంత ఉండాలన్నది మొదట తేల్చుకోవలసిన ప్రశ్న.

ప్రొడక్ట్ డిజైన్ చదివిన ఒక విద్యార్థిని పొందూరులో కొన్ని వారాలుండి, వడికేవారు కూర్చునే తీరు మీద పని చేసిందనుకుందాం. మనిషీ, కింద వచ్చే అంకెలూ పేజీ ఎలా తయారవుతుందో చూపడానికి ఊహించినవే. వడికే ఆమె నేల మీద కూర్చుని, కుడి చేత్తో చక్రం తిప్పుతూ, ఎడమ చేత్తో ఏకులోంచి పోగును వెనక్కి లాగుతుంది. గంటల తరబడి ఇదే. నడుము పట్టేస్తుందని అందరూ చెప్పారు. విద్యార్థిని మొదట ఆరంగుళాల ఎత్తు పీట వేయించింది. మనిషి పైకి లేచింది, రాట్నం నేల మీదే ఉండిపోయింది. చక్రం పిడి అందుకోవడానికి కుడి భుజం కిందికి వంగింది, పోగు లాగే వాలు మారింది. నేల మీద పావుగంటలో రెండుసార్లు తెగిన పోగు పీట మీద ఏడుసార్లు తెగింది. రెండో ప్రయత్నంలో మనిషినీ రాట్నాన్నీ కలిపి ఒకే చెక్క వేదిక మీదికి ఎక్కించింది. నూలు బాగానే వచ్చింది. కానీ రాట్నం అరుగు మీద ఉంటుంది, సాయంత్రం లోపల పెట్టేస్తారు. వేదికను ఎత్తడానికి ఇద్దరు కావాలి. నాలుగు రోజుల తర్వాత చూస్తే దాన్ని గోడకు చేర్చి, దాని మీద బియ్యం బస్తా పెట్టారు. మూడోసారి విద్యార్థిని ఎత్తు ఆలోచనే మానుకుంది. వెనక రెండంగుళాలుండి ముందుకు వచ్చేసరికి సున్నా అయ్యే వాలు చెక్క చేయించి, పైన కొబ్బరి పీచు చాప బిగించింది. దాని మీద కూర్చుంటే తుంటి కొంచెం ముందుకు ఒరుగుతుంది, నడుము గుండ్రంగా వంగడం తగ్గుతుంది, చేతుల ఎత్తు దాదాపు మారదు. పోగు తెగడం నేల మీద కూర్చున్నప్పటి లెక్కకే వచ్చింది. అయితే బాసింపట్టు వేసుకుని కూర్చునేవారికే అది పనికొచ్చింది. ఒక కాలు చాపుకుని వడికేవారికి దానివల్ల ఏమీ ఒరగలేదు.

ఈ పని డెక్‌లో ఆరు పేజీలకు మించనక్కర్లేదు. మొదటి పేజీలో ఒకే పెద్ద ఫొటో ఉంటుంది: రాట్నం ముందు కూర్చున్న మనిషి, పక్క నుంచి, నడుము వంపు స్పష్టంగా తెలిసేలా. దాని పక్కన మూడు నాలుగు వాక్యాలు చాలు. ఇబ్బంది ఏమిటి, ఎక్కడ, ఎన్నాళ్ల పని, ఒంటరిగా చేసిందా బృందంతోనా, బృందమైతే అందులో తన వాటా ఏది. రెండో పేజీ పరిశీలనది. అదే పక్క చూపులో ముగ్గురి ఫొటోలు వరుసగా పెట్టి, మెడ నుంచి తుంటి దాకా ప్రతి ఫొటో మీదా ఒక గీత గీస్తే, చదవకుండానే విషయం తెలిసిపోతుంది. పత్తి నుంచి నూలు దాకా దశలు ఈ పేజీ అడుగున చిన్న పటాల వరుసగా సరిపోతాయి. మూడో పేజీ పీటది, నాలుగోది వేదికది. అయిదో పేజీలో వాలు చెక్క కొలతల బొమ్మ, పక్కన దాన్ని వాడుతున్న ఫొటో. ఆరో పేజీలో ముందూ తర్వాతా పోలిక, కాలు చాపుకుని కూర్చునేవారికి పనికిరాలేదన్న మాట, తర్వాత చేయాలనుకుంటున్నదేమిటి.

నాలుగో పేజీని తీసేయాలని చాలామందికి అనిపిస్తుంది, ఎందుకంటే అందులో ఓటమి ఉంది. ఈ ఆరింటిలో అత్యంత విలువైనది అదే. బియ్యం బస్తా కింద ఉన్న వేదిక ఫొటో ఒక్కటి ఉంటే చాలు, విద్యార్థిని మళ్లీ వెనక్కి వెళ్లి చూసిందనీ, చూసినదాన్ని దాచలేదనీ, ఎత్తు అనే ఆలోచనను వదలడానికి కారణం ఉందనీ ఒక్క చూపులో తెలుస్తుంది. ఎంపిక చేసేవారికి ఆ మనిషి క్లాసులో ఎలా పని చేస్తుందో ఇంతకంటే బాగా చెప్పే పేజీ ఉండదు. ప్రయత్నాలన్నీ మొదటిసారే ఫలించినట్టు చూపే డెక్‌ను అనుభవమున్న అధ్యాపకులు నమ్మరు.

ఇందులోంచి ఏం పోయిందో కూడా చూడాలి. గాంధీజీ పొందూరు ఖాదీని మెచ్చుకున్న సంగతి పోయింది. మీద పడే ఎండలో నవ్వుతున్న అవ్వ ముఖం పోయింది. వాలుగ దవడ అడుగు వరుసలో ఒక చిన్న పటంగా మిగిలింది. దాన్ని వదులుకోవడం కష్టమే, ఎందుకంటే చేప ఎముకతో పత్తి దువ్వడం ఎక్కడివారినైనా ఆపి చూసేలా చేస్తుంది. కానీ దానికి పూర్తి పేజీ ఇస్తే చూసేవారికి గుర్తుండేది ఆ ఎముకే, కూర్చునే చెక్క కాదు. ఒకవేళ పని పత్తిని శుభ్రం చేసే పద్ధతి మీదే అయితే అప్పుడు దవడే మొదటి పేజీ అవుతుంది. పని దేని మీదో దానికే చోటు.

మాటల విషయంలోనూ ఇదే కొలత. దరఖాస్తు ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి డెక్‌లో రాతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. అయితే ముందుగా తెలుగులో ఆలోచించి రాసుకుంటే వాక్యం సూటిగా వస్తుంది. ‘తరతరాల వారసత్వాన్ని ఆధునికతతో మేళవించే ప్రయత్నం’ అన్న వాక్యాన్ని ఏ వృత్తి కిందనైనా పెట్టవచ్చు, కాబట్టి అది దేని గురించీ చెప్పడం లేదు. ‘పీట మీద కూర్చుంటే చక్రం పిడి కిందికి పోయింది, భుజం వంగింది, పోగు తెగింది’ అన్నది మూడో పేజీకి తప్ప ఇంకెక్కడా సరిపోదు. పేజీకి యాభై అరవై మాటలు దాటితే చూసేవారు చదవడం మాని బొమ్మల్లోకి వెళ్లిపోతారు.

తెల్ల ఖాదీని ఫొటో తీయడం తేలిక కాదు. ఫోను కెమెరా తెలుపును చూసి వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోను మసక చేస్తుంది, గుడ్డ బూడిద రంగులోకి దిగుతుంది. విద్యార్థి దాన్ని సరిదిద్దడానికి వెలుగు పెంచేసరికి నేత మాయమై కాగితంలా తయారవుతుంది. నడి ఎండలోనూ, ఫ్లాష్‌తోనూ నేత కనబడదు. పొద్దున కిటికీ పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి ఏటవాలుగా పడే చోట గుడ్డ పరిస్తే ప్రతి పోగుకూ చిన్న నీడ పడి నేత తేలుతుంది. కింద ముదురు రంగు వస్త్రమో నల్ల కాగితమో ఉండాలి. తెల్ల గుడ్డను తెల్ల పేజీ మీద పెడితే అంచులు కనబడవు. సన్నదనం చూపడానికి గుడ్డ కింద అచ్చు కాగితం ఉంచి అక్షరాలు కనబడనివ్వడం మంచి ఉపాయం. పక్కన ఒక స్కేలు పెడితే చూసేవారికి కొలత తెలుస్తుంది.

సన్న నేతకు ఇంకో ఆపద కూడా ఉంది, అది కంప్యూటరు దగ్గర వస్తుంది. పెద్ద ఫొటోను పేజీకి సరిపడా కుదించినప్పుడు నేత గళ్లూ తెర మీది చుక్కలూ ఒకదానితో ఒకటి కలవక, గుడ్డ మీద లేని అలలు, వంకర చారలు పుడతాయి. నేత తప్పేమో అనిపించేంత స్పష్టంగా ఉంటాయవి. పేజీని వంద శాతంలోనూ, తర్వాత సగానికి తగ్గించీ చూస్తే అవి బయటపడతాయి. అలాంటి చోట గుడ్డ మొత్తాన్ని చూపే ఫొటో కాకుండా, అరచేయంత మేర దగ్గరగా తీసిన ఫొటోను వాడాలి. పోగులు పెద్దవిగా పడితే కుదించినా అలలు రావు.

పేజీ కొలత విషయంలో జరిగే పెద్ద పొరపాటు కాలేజీ జ్యూరీ కోసం చేసిన ఏ1 షీట్లను అలాగే డెక్‌లోకి తేవడం. అడ్డంగా పెట్టిన ఏ1 వెడల్పు 841 మిల్లీమీటర్లు. తెరకు సరిపడే 16:9 పేజీ సాధారణ కొలత 13.33 అంగుళాల వెడల్పు, 7.5 అంగుళాల ఎత్తు, అంటే వెడల్పు సుమారు 339 మిల్లీమీటర్లు. షీటు వెడల్పు ఒక్కటే అందులో ఇమడాలన్నా సుమారు నలభై శాతానికి కుదించాలి. గోడ మీద హాయిగా చదివిన 14 పాయింట్ల అక్షరం 5.6 పాయింట్లకు పడిపోతుంది. ల్యాప్‌టాప్ మీద దాన్ని ఎవరూ చదవలేరు. షీటును ముక్కలు చేసి, ఒక్కో ఆలోచనకు ఒక పేజీ కేటాయించి, మళ్లీ కొత్తగా పేర్చడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. 13.33 అంగుళాల పేజీలో మామూలు రాతకు 12 నుంచి 14 పాయింట్లు, బొమ్మల కింది మాటలకు 10 కి తగ్గకుండా ఉండాలి. సాధారణ ల్యాప్‌టాప్‌లో ఫైలును తెరంతా నింపి, చెయ్యంత దూరం నుంచి చదివి చూస్తే సరిపోయిందో లేదో వెంటనే తేలుతుంది. స్కూలు ఏ4 అని ప్రత్యేకంగా అడిగితే మాత్రం అడిగినదే ఇవ్వాలి.

డెక్‌లో తెలుగు అక్షరాలు వచ్చే సందర్భాలు ఉంటాయి: ఖాదీ దుకాణానికి చేసిన లేబుల్, ఊరి బడికి చేసిన పోస్టరు, పనివారు చెప్పిన మాట ఒకటి. చూసేవారికి తెలుగు రాదు కదా అని నిర్లక్ష్యం చేస్తే అక్కడే పట్టుబడతారు, ఎందుకంటే విదేశీ విభాగాల్లో తెలుగు చదవగలిగిన విద్యార్థులూ, భారతీయ లిపుల అచ్చు గురించి తెలిసిన అధ్యాపకులూ ఉండవచ్చు. ఇన్‌డిజైన్‌లో తెలుగు పెట్టినప్పుడు వత్తులు అక్షరం కింద చేరకుండా పక్కకు జరిగి, పొల్లుతో విడివిడిగా పడటం తరచూ కనిపిస్తుంది. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకుంటే అక్షరాలు సరిగా కూడుకుంటాయి. అప్పటికీ ఎగుమతి చేసిన పీడీఎఫ్‌లో ప్రతి తెలుగు మాటనూ అక్షరం అక్షరం చూసుకోవాలి. పాత డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లలో కొట్టించిన రాత యూనికోడ్ కాదు కాబట్టి, దాన్ని కాపీ చేసి అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. మళ్లీ యూనికోడ్‌లో టైపు చేయడమే నయం.

ఉచితంగా దొరికే తెలుగు యూనికోడ్ ఫాంట్లలో ఈ ప్రాంతం వారి పేర్లతో ఉన్నవి రెండున్నాయి: గురజాడ, గిడుగు. విజయనగరంలో కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు, శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి వ్యావహారిక భాష కోసం పోరాడుతూనే సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి వీటి వెనక ఉన్నవారు. పేరు నచ్చిందని ఫాంటును ఎంచుకోకూడదు గానీ, సవర ఊళ్లలో చేసిన పనికి శీర్షిక గిడుగులో ఉంటే, ఎందుకు ఎంచుకున్నదీ ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, అది కూడా ఒక డిజైన్ నిర్ణయమే. తెలుగుకు పైన తలకట్టూ గుడులూ, కింద వత్తులూ ఉంటాయి కాబట్టి, ఇంగ్లిష్‌కు సరిపోయిన వరుసల మధ్య ఖాళీ దీనికి చాలదు. అక్షరం కొలతకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి చూసి, పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకని దగ్గర ఆగాలి.

ఎన్ని పనులు పెట్టాలన్న ప్రశ్నకు నాలుగు లేదా అయిదు అన్నది మంచి జవాబు. పేజీలు మొత్తం పాతిక దాటకుండా చూసుకుంటే సుఖం. అన్నింటికంటే గట్టి పని మొదట, దాని తర్వాతి స్థాయిది చివర రావాలి. నీరసమైన పనిని సంఖ్య కోసం చేర్చితే, చూసేవారు మొత్తాన్నీ దాని స్థాయికే దించి చూస్తారు. నాలుగు పనులూ చేతివృత్తుల మీదే ఉంటే విద్యార్థికి అదొక్కటే వచ్చన్న అభిప్రాయం కలుగుతుంది. పొందూరు పని పక్కన ఒక యాప్ పనో, ఆసుపత్రి దారి బోర్డుల పనో, చేత్తో చేసిన నమూనాల పనో ఉంటే మనిషి విస్తృతి తెలుస్తుంది. స్వపరిచయం అర పేజీ చాలు. నైపుణ్యాలను చుక్కలతోనో శాతాల పట్టీలతోనో చూపే అలవాటు మానాలి. ఫొటోషాప్ ఎనభై శాతం వచ్చు అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, పైగా పనిలో ఆ సంగతి కనబడుతూనే ఉంటుంది.

ఫైలు బరువు చివరి రోజున అందరినీ కంగారుపెట్టే విషయం. స్కూళ్లు పీడీఎఫ్‌కు గరిష్ఠ పరిమాణం పెడతాయి, అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. 15 ఎంబీ పరిమితి ఉన్నచోట 24 పేజీలు పంపాలంటే పేజీకి సగటున 600 కేబీ కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. ఫోనుతో తీసిన ఒక్క ఫొటోయే నాలుగైదు ఎంబీ ఉంటుంది కాబట్టి కుదింపు తప్పదు. గీతల బొమ్మలను వెక్టర్‌గానే ఉంచితే అవి సాధారణంగా చాలా తేలిక, ఆ మిగులును ఫొటోలకు వాడుకోవచ్చు. ఇన్‌డిజైన్‌లోని `Smallest File Size` అమరికను కంగారులో నొక్కేస్తుంటారు. అది ఫొటోలను అంగుళానికి 100 చుక్కలకు దించి, నాణ్యతనూ తగ్గిస్తుంది. ఖాదీ నేత ముందు దెబ్బతినేది అక్కడే. 150 పెట్టుకుంటే 13.33 అంగుళాల పేజీకి దాదాపు 2000 చుక్కల వెడల్పు వస్తుంది, మామూలు తెరకు అది సరిపోతుంది. రంగులు ప్రింటుకు వాడే సీఎంవైకేలో కాకుండా ఆర్‌జీబీలో ఉండాలి. లేదంటే బుడితి ఇత్తడి మెరుపు తెర మీద మట్టి రంగులోకి పోతుంది.

వీడియోను పీడీఎఫ్‌లో పొదిగితే చాలా బ్రౌజర్లలో ఆడదు. రాట్నం తిరిగే తీరు చూపాలంటే నాలుగు ఫ్రేములను వరుసగా పేజీలో పెట్టి, కింద లింకు ఇవ్వడం మంచిది. లింకు తెరవకపోయినా నాలుగు ఫ్రేములు విషయం చెప్పేలా ఉండాలి. గూగుల్ డ్రైవ్ లింకు ఇచ్చేవారు అనుమతిని మార్చడం మరిచిపోతే, చూసేవారికి వీడియోకు బదులు అనుమతి కోరే పేజీ కనబడుతుంది. లాగిన్ కాని బ్రౌజరు కిటికీలో తెరిచి చూడటమే దీనికి పరీక్ష.

అన్ని చోట్లకూ ఒకే డెక్ పంపడం కుదరదు. అమెరికాలో చాలా స్కూళ్లు స్లైడ్‌రూమ్ అనే వేదిక మీద దరఖాస్తులు తీసుకుంటాయి. అక్కడ ఒకే పీడీఎఫ్‌కు బదులు విడివిడి బొమ్మలుగా ఎక్కించమనడం మామూలే. రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ దీనికి తెలిసిన ఉదాహరణ. అప్పుడు ముందు పేజీ మీద ఆధారపడిన పేజీ నిలబడదు. పీట, వేదిక, వాలు చెక్క మూడింటినీ ఒకే బొమ్మలో పక్కపక్కన పెట్టి మళ్లీ పేర్చవలసి వస్తుంది. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ చిన్న వీడియో కూడా అడిగే స్కూలు. అందులో డెక్‌నే చదివి వినిపించకుండా, డెక్‌లో లేని ఒక సంగతి చెప్పాలి. ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయానికి దరఖాస్తులు డిసెంబరులో మొదలై జనవరి మొదట్లో ముగుస్తాయి, స్వీడన్ గడువు జనవరి మధ్యలో. అంటే సంక్రాంతికి ఇంటికి వచ్చే వేళకు పని ముగిసి ఉండాలి. పొందూరులో మళ్లీ తీయవలసిన ఫొటో ఉంటే దసరాలోపే తీసుకోవాలి. పేజీల సంఖ్య, పరిమాణం, ఫైలు పేరు ఎలా ఉండాలన్న నిబంధనలు ఏటా మారతాయి కాబట్టి, సీనియర్లు చెప్పినవాటిని పక్కన పెట్టి ఆ ఏడాది స్కూలు పేజీలో ఉన్నదే పాటించాలి.

పనివారి పేర్ల సంగతి చాలా డెక్‌లలో అసలే ఉండదు, ఉండి తీరాలి. వాలు చెక్క మీద కూర్చుని చూసి, ఇలా కాదమ్మా, ముందు వైపు ఇంకా దించు అని చెప్పిన మనిషి ఆ డిజైన్‌లో భాగస్వామి. ఆమె ఒప్పుకుంటే పేరు ఆరో పేజీలో రావాలి. చెక్క కోసిన వడ్రంగి పేరు కూడా. ఫొటో తీసేముందు అది విదేశంలోని కాలేజీకి పంపే పుస్తకంలో వస్తుందని తెలుగులో, అర్థమయ్యేలా చెప్పి అడగాలి. వద్దంటే ముఖం లేకుండా చేతులనే చూపవచ్చు, ఈ పనికి అవే చాలు. సవరల బొమ్మల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అవి ఇంటి గోడ మీద పూజతో ముడిపడి వేసేవి. వాటి ఆకారాలను తెచ్చి మొబైల్ కవర్ల మీద అచ్చేసి తన నమూనాగా చూపితే, ఎంపిక చేసేవారు మొదట అడిగేది వేసినవారు దీనికి ఒప్పుకున్నారా అనే. ఆ ప్రశ్నకు జవాబు పేజీలో లేకపోతే ఆ పనిని తీసేయడమే మంచిది. కంప్యూటరులో తయారుచేసిన దృశ్యాన్ని నిజంగా తీసిన ఫొటోగా భ్రమింపజేయకుండా, పక్కన ఆ మాట రాయాలి. బృందం చేసిన పనిలో ఎవరి వాటా ఎంతో ప్రతి పనికీ విడిగా చెప్పాలి, ఎందుకంటే అదే బృందంలోని ఇంకొకరు అదే స్కూలుకు దరఖాస్తు చేయడం అరుదు కాదు.

పంపిన తర్వాత కొన్ని స్కూళ్లు ఆన్‌లైన్‌లో మాట్లాడతాయి. అప్పుడు అడిగేవి డెక్‌లోంచే వస్తాయి: పోగు ఎన్నిసార్లు తెగిందో ఎలా లెక్కపెట్టారు, ఎంతమందితో చూశారు, కాలు చాపుకుని వడికేవారి కోసం ఏం చేస్తారు. అందుకని పొందూరులో రాసుకున్న నోటు పుస్తకం, విడిచిపెట్టిన ఫొటోలు, పీట కొలతలు అన్నీ ఫలితం వచ్చేదాకా దగ్గరే ఉండాలి. పంపిన పీడీఎఫ్ ప్రతిని కూడా తేదీతో విడిగా దాచుకోవాలి. మాట్లాడే రోజున విద్యార్థి ముందున్నదీ, ఎదుటివారి ముందున్నదీ ఒకే ఫైలు అయి ఉండాలి.

ఇట్లు,
ఒక డిజైన్ అధ్యాపకుడు